గుండెదడకి గ్యాస్ మాత్ర

(నెల్లూరులో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం, చివర్లో అడిగిన ప్రశ్నలతో సహా)

మైకు వెనక వరసల దాకా వినపడుతోందా? సరే. నాకిచ్చిన టాపిక్ "గుండె ఆరోగ్యం". ఇరవై ఏళ్ల వాళ్ల ముందు నిలబడి కొలెస్ట్రాల్ గురించి గంటసేపు మాట్లాడితే మీరు ఫోన్లు బయటికి తీస్తారు, తీయాలి కూడా. అందుకని మీ వయసు వాళ్లు నా ఓపీకి గుండె పేరు చెప్పుకుని ఏ బాధతో వస్తారో దాని గురించే మాట్లాడతాను. గుండె దడదడలాడటం, ఒక బీట్ మిస్సయినట్టు అనిపించడం, ఉన్నట్టుండి గొంతులోకి వచ్చి కొట్టుకున్నట్టు ఉండటం. అదీ ఒకే ఒక్క అమ్మాయి కేసు పట్టుకుని చెప్తాను. ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను, కాబట్టి ఏ బ్రాంచ్ అని వెతక్కండి.

బీటెక్ థర్డ్ ఇయర్, ఊరు ఆత్మకూరు వైపు, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. వాళ్లమ్మ వెంటబెట్టుకుని వచ్చింది. ఏమ్మా ఏమవుతోంది అంటే, "మేడమ్, రాత్రి పడుకోగానే గుండె ఒక్క క్షణం ఆగిపోతుంది, ఆగి, లోపల చేపపిల్ల ఎగిరిపడ్డట్టు ధడేల్మని కొట్టుకుంటుంది" అంది. ఆ పిల్ల ఇంకా మాట్లాడుతుండగానే వాళ్లమ్మ అందుకుంది: "పరీక్షల టెన్షన్ మేడమ్. వేళకి తినదు, గ్యాస్ కూడా ఉంది, మెడికల్ షాపులో మాత్రలు ఇస్తే వాడుతున్నాం." సంచిలోంచి పాంటోప్రజోల్ షీటు తీసి టేబుల్ మీద పెట్టింది. నాలుగైదు నెలలుగా రోజూ పొద్దున్నే ఒకటి వేసుకుంటోందట. ఆ షీటుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

దడ అని ఎవరు వచ్చినా నేను చేయించే పని ఒకటుంది, ఖర్చు లేనిది. నీ గుండె ఎలా కొట్టుకుందో టేబుల్ మీద వేలితో కొట్టి చూపించు అంటాను. ఆ పిల్ల కొట్టింది: టక్... టక్... టక్... టక్‌టక్... (ఆగింది)... టక్. అలా కొట్టి చూపిస్తే నాకు సగం విషయం అప్పుడే తెలిసిపోతుంది, ఎందుకంటే వేరే రకం దడ ఉన్నవాళ్లు ఇలా కొట్టరు. కొందరు టకటకటకటక అని ఆపకుండా ఒకే వేగంతో కొడతారు, కొందరు ఏ పద్ధతీ లేకుండా ఎలా పడితే అలా కొడతారు. ఈ మూడూ మూడు వేర్వేరు దారులు.

ఆ పిల్ల కొట్టింది చూశారుగా, రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా పడి, తర్వాత ఖాళీ వచ్చింది. మనం మిస్సయింది అనుకునే బీట్ నిజానికి మిస్ కాలేదు, తొందరపడి ముందే వచ్చేసింది. మామూలుగా గుండె పైభాగంలో ఉండే సైనస్ నోడ్ అనే చోట కరెంటు పుట్టి కిందికి దిగుతుంది, ప్రతి బీటూ అక్కడినుంచే రావాలి. అప్పుడప్పుడూ ఇంకెక్కడో ఒక మూల కండరం తన వంతు రాకముందే ఓ బీట్ వేసేస్తుంది. దాన్ని ఎక్టోపిక్ బీట్ అంటాం, ఎక్స్‌ట్రా బీట్ అనుకోండి చాలు.

అంకెలు మీకు ఇష్టమే కదా, చూడండి. నిమిషానికి 80 సార్లు కొట్టుకునే గుండెలో ఒక బీటుకీ ఇంకో బీటుకీ మధ్య ముప్పావు సెకను ఉంటుంది. ఈ ఎక్స్‌ట్రా బీట్ 0.45 సెకన్లకే వచ్చిందనుకుందాం. అప్పటికి గుండెలోకి రక్తం పూర్తిగా దిగలేదు, కాబట్టి ఆ బీట్ పంపేది చాలా కొంచెం, మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే అది అసలు తగలకపోవచ్చు కూడా. అందుకే మిస్సయింది అనిపిస్తుంది. ఆ తర్వాత గుండె తన మామూలు లయలోకి వచ్చేదాకా ఆగాలి, ఇంచుమించు 1.05 సెకన్లు పడుతుంది. 0.45, 1.05 కలిపితే ఒకటిన్నర, అంటే సరిగ్గా రెండు మామూలు బీట్ల సమయం, లెక్క ఎక్కడా తప్పలేదు. కింది గదుల్లో పుట్టే ఎక్స్‌ట్రా బీట్ల సంగతి సాధారణంగా ఇంతే. ఆ ఎక్కువసేపు ఆగిన సమయంలో గుండె బాగా నిండుతుంది, నిండింది కాబట్టి తర్వాత బీట్ గట్టిగా కొడుతుంది. ఆ పిల్లని భయపెట్టిన ధడేల్ ఈ చివరిదే. అది పూర్తిగా మామూలు బీటే, బలంగా కొట్టింది, అంతే. చాలామందికి ఈ ఒక్క ముక్క చెప్పగానే మొహం తేటపడుతుంది.

మరి రాత్రి పడుకున్నప్పుడే ఎందుకు? పగలు కూడా వస్తుంటాయి, ల్యాబులో హడావిడిలో తెలియవు. రాత్రి గుండె వేగం తగ్గి బీట్ల మధ్య ఖాళీ పెరిగితే, ఆ ఖాళీలో దూరడానికి ఈ ఎక్స్‌ట్రా బీట్లకి వీలు దొరుకుతుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా జరుగుతుంది, ఇంకా బాగా తెలుస్తుంది. కుడి పక్కకి తిరిగి చూడమంటే చాలామంది తగ్గింది మేడమ్ అంటారు. అది వైద్యమేమీ కాదు, చెవికి దూరం జరిపాం, అంతే.

రోజుకి మన గుండె లక్షసార్లు కొట్టుకుంటుంది. ఏ జబ్బూ లేనివాళ్లకి 24 గంటలు ప్రతి బీటూ రికార్డు చేసే హోల్టర్ మిషన్ తగిలించి చూసినా కొన్ని ఎక్స్‌ట్రా బీట్లు కనపడతాయి. కనపడటం వింత కాదు. ఈ పిల్లకి ఇప్పుడే ఇన్ని ఎందుకు పెరిగాయి అన్నదే ప్రశ్న.

ముందు కాఫీ లెక్క వేశాం. ఎంత తాగుతావమ్మా అంటే అందరూ "ఒకట్రెండు సార్లు" అంటారు, నమ్మకూడదు. పొద్దున్న నుంచి గంటగంటకీ అడిగితే బయటపడింది: టిఫిన్‌తో ఒక టీ, సాయంత్రం క్యాంటీన్లో ఒక టీ, పొద్దున లేవగానే ఒకటీ రాత్రి చదువు మధ్యలో రెండూ ఇన్‌స్టంట్ కాఫీలు, పరీక్షల ముందు పదకొండింటికి ఒక ఎనర్జీ డ్రింక్. టీ ఒక్కోటీ 40 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ ఒక్కోటీ 60, ఆ 250 మిల్లీలీటర్ల డబ్బా 75 వేసుకున్నా మొత్తం 335 మిల్లీగ్రాముల కెఫీన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 దాకా ఫర్వాలేదంటారు, ఆ గీత దాటలేదు. కానీ కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి ఐదు గంటలు పడుతుంది. పదకొండింటికి తాగిన దాంట్లో సగం తెల్లారి నాలుగింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఇక నిద్రెక్కడిది?

కాఫీ మీద ఒక మంచి పరీక్ష జరిగింది, 2023లో వచ్చింది. అమెరికాలో వందమంది ఆరోగ్యవంతులకి ఒంటికి ఈసీజీ మిషన్ అంటించి, ఈ రోజు కాఫీ తాగు, ఈ రోజు తాగకు అని ఫోన్‌లో చెప్పుకుంటూ రెండు వారాలు చూశారు. గుండె పై గదుల నుంచి వచ్చే ఎక్స్‌ట్రా బీట్లు పెద్దగా పెరగలేదు, కింది గదుల నుంచి వచ్చేవి మాత్రం కాఫీ తాగిన రోజు ఇంచుమించు ఒకటిన్నర రెట్లయ్యాయి, రాత్రి నిద్ర 36 నిమిషాలు తగ్గింది. కాబట్టి కాఫీకి సంబంధం లేదు అనేవాళ్లదీ తప్పే, అంతా కాఫీయే అనేవాళ్లదీ తప్పే. నా గొడవంతా రెండోవాళ్లతోనే. కాఫీ మానేయమ్మా అని చెప్పి పంపించేస్తే, దాని కింద ఉన్నది అలాగే ఉండిపోతుంది.

ఈ పిల్లకి కింద ఏముంది? కింది కనురెప్ప లాగి చూశాను, లోపల తెల్లగా పాలిపోయి ఉంది. "అమ్మాయ్, బియ్యం తింటావా?" అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడి తల దించుకుంది, వాళ్లమ్మ మాత్రం "ఇంటికొస్తే బియ్యం డబ్బా దగ్గరే ఉంటుంది మేడమ్, పిడికిళ్లకి పిడికిళ్లు నములుతుంది, వద్దన్నా వినదు" అంది. పచ్చి బియ్యం, బలపాలు, విభూతి, ఐసు ముక్కలు, వీటి మీదికి మనసు పోతుందంటే అది చెడ్డ అలవాటు అని తిట్టకండి, ఒంట్లో ఐరన్ తగ్గిన గుర్తు కావచ్చు. ఎందుకలా అవుతుందో పూర్తిగా తేలలేదు గానీ, ఐరన్ ఇస్తే ఆ కోరిక చాలావరకు పోవడం చూస్తూనే ఉంటాం.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.6. గర్భం లేని ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 కంటే తగ్గితే రక్తహీనత. ఎర్ర కణాలు చిన్నవిగా ఉన్నాయి. ఫెర్రిటిన్ అని ఒంట్లో దాచిన ఐరన్ ఎంతుందో చెప్పే పరీక్ష ఉంది, అది 5 వచ్చింది, 15 లోపుంటే గల్లాపెట్టె ఖాళీ అయినట్టే. థైరాయిడ్ నార్మల్, అది తప్పక చూడాలి, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా సన్నబడి, చేతులు వణికి, దడ వస్తుంది. ఈసీజీ మామూలుగా తీస్తే పది సెకన్లదే, అందులో ఏమీ పడకపోవచ్చు, అందుకే కాగితం ఆపకుండా ఇంకొంచెంసేపు లాగమన్నాను, మూడు ఎక్స్‌ట్రా బీట్లు దొరికాయి. హోల్టర్‌లో రోజు మొత్తానికి లక్షా ఆరు వేల బీట్లలో తొమ్మిది వందలు ఎక్స్‌ట్రా, అంటే ఒక శాతం లోపే. ఇవి రోజుకి పది శాతం దాటి ఏళ్ల తరబడి ఉంటే గుండె కండరం బలహీనపడే వీలుంది, అప్పుడు కార్డియాలజిస్ట్ చేతిలో ఉండాలి. ఈ పిల్లకి ఎకో, అంటే గుండె స్కానింగ్, కూడా బాగుంది.

రక్తం తక్కువైతే గుండెకేం పని? హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోసేది. అది మూడో వంతు తగ్గితే అదే ఆక్సిజన్ అందించడానికి గుండె ఎక్కువసార్లు, ఎక్కువ రక్తం పంపాలి. అందుకే మెట్లెక్కితే ఆయాసం, కూర్చున్నా నాడి మామూలు కంటే వేగం. గుండెని తొందరపెట్టడానికి ఒంట్లో అడ్రినలిన్ లాంటివి పెరుగుతాయి, ఎక్స్‌ట్రా బీట్లు వేసే మూలల్ని రెచ్చగొట్టేవీ అవే. పరీక్షల భయంతో పెరిగేదీ అదే అడ్రినలిన్, కెఫీన్ ఎగదోసేదీ దాన్నే. మూడూ ఒకే రాత్రి ఒకేచోట కలిశాయి.

ఇప్పుడు ఆ మాత్రల షీటు దగ్గరికి రండి. మనం తినే పప్పు, ఆకుకూర, ధాన్యంలో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆసిడ్ కావాలి. పాంటోప్రజోల్ పనే ఆ ఆసిడ్ తగ్గించడం. దడని గ్యాస్ అనుకుని నెలల తరబడి అది వేసుకుంటే, తిన్న కాస్త ఐరన్ కూడా పట్టడం తగ్గుతుంది. దానికి తోడు టిఫిన్ తింటూ టీ, టీలోని టానిన్లు ఐరన్‌ని పట్టుకుని వదలవు. ఆ పైన నెలసరి ఏడు రోజులు, మొదటి మూడు రోజులు రెండు గంటలకో ప్యాడ్, గడ్డలు. ఇది "అందరికీ అంతే కదా మేడమ్" అనుకుందట వాళ్లమ్మ, తనకీ అలాగే అయ్యేదట. అందరికీ అంత కాదు. రక్తం పోయేది అక్కడైతే, మాత్ర ఐరన్‌ని రానివ్వడం లేదు, దడ పెరిగితే ఇంకో షీటు కొంటున్నారు.

మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అంటే ఈ హాల్లో అమ్మాయిల వరసల్లో ఎంతమందో మీరే చూసుకోండి. స్కూల్లో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇచ్చేవాళ్లు, గుర్తుందా? కిటికీలోంచి పారేసింది ఎవరెవరు? నవ్వండి నవ్వండి.

వైద్యం పెద్దదేమీ కాదు. గ్యాస్ మాత్ర ఆపించాను, ఆ పిల్లకి అల్సర్ లాంటిదేదీ లేదు కాబట్టి ఆపించాను, మీలో ఎవరికైనా డాక్టర్ కారణం చూసి రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకండి. ఐరన్ మాత్ర, 60 మిల్లీగ్రాములది, రోజు విడిచి రోజు ఒకటి. రోజూ వేస్తే ఎక్కువ పడుతుందనుకుంటాం, కానీ ఒక డోసు పడగానే ఆ రోజంతా పేగులు ఐరన్‌ని తీసుకోవడం తగ్గిస్తాయి, రోజు వదిలేస్తే బాగా పడుతుంది, కడుపులో వికారం కూడా తక్కువ. ఖాళీ కడుపుతో, నిమ్మకాయ నీళ్లతో. పొదలకూరు నిమ్మకాయలు మన జిల్లావే, వాటికి కరువు లేదు. టీ కాఫీ మాత్రకి రెండు గంటలు దూరం, మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు, ఎనర్జీ డ్రింక్ అసలొద్దు. నెలసరి సంగతికి గైనకాలజిస్ట్ దగ్గరికి పంపాను, అక్కడ ఆపకుండా ఇక్కడ ఎంత పోసినా నిలవదు.

నెలకి హిమోగ్లోబిన్ 10.3 అయింది. దడ అప్పటికే చాలా తగ్గింది. మూడో నెలకి 12 దాటింది, ఆ తర్వాత ఇంకో మూడు నెలలు మాత్ర ఆపొద్దన్నాను, ఎందుకంటే రక్తంలో అంకె సరైనా ఒంట్లో దాపు నిండటానికి టైం పడుతుంది, అందరూ ఆపేసేది సరిగ్గా అక్కడే. ఎక్స్‌ట్రా బీట్లు పూర్తిగా పోయాయా? పోలేదు. వారంలో ఒకట్రెండు సార్లు వస్తాయంది, వచ్చినా లేచి కూర్చోవడం లేదంది. ఆ లేచి కూర్చుని, నాడి పట్టుకుని, నెట్‌లో వెతికి, భయపడి, ఆ భయంతో ఇంకో పది తెచ్చుకోవడం, అది ఆగింది. టెన్షన్ లేదని నేను అనను, ఉంది. కాకపోతే ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూశాకే ఆ మాట అనాలి, తలుపు తీయగానే కాదు.

ఇంతసేపూ భయం లేదు అని చెప్పాను, భయపడాల్సినవీ చెప్పాలి. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం. పరిగెత్తేటప్పుడు, ఆడేటప్పుడు దడ వచ్చి స్పృహ తప్పడం, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఛాతీలో నొప్పి, ఆయాసం. ఇంట్లో ఎవరైనా నలభై ఏళ్ల లోపు ఉన్నట్టుండి చనిపోయి ఉండటం, "నిద్రలోనే పోయాడు" అంటుంటారు చూడండి, అది. వీటిలో ఒక్కటున్నా ఆ రోజే చూపించుకోవాలి, ఐరన్ మాత్రలతో ఊరుకోకూడదు.

ఇంకో రకం ఉంది. కావలి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, వేలితో కొట్టమంటే ఆపకుండా టకటకటకటక కొట్టాడు. ఖాళీగా కూర్చున్నప్పుడు ఒక్క క్షణంలో మొదలవుతుంది, ఇరవై నిమిషాలు నిమిషానికి 180 దాకా ఉంటుంది, ఒక్క క్షణంలో ఆగిపోతుంది. టెన్షన్ వల్ల వచ్చే దడ మెల్లగా పెరిగి మెల్లగా దిగుతుంది, ఇలా ఠక్కున మొదలై ఠక్కున ఆగదు. ఇది ఎస్‌వీటీ, గుండెలో అదనపు కరెంటు దారి ఉండటం వల్ల వస్తుంది, చాలామందికి అబ్లేషన్ అనే చిన్న ప్రొసీజర్‌తో పూర్తిగా పోతుంది. దీన్ని కూడా ఏళ్ల తరబడి గ్యాస్ అన్నారు. దడ వచ్చినప్పుడే దగ్గర్లో ఎక్కడైనా సరే ఈసీజీ తీయించుకో, ఆ కాగితం పారేయకు అని చెప్పాను, తీయించుకున్నాడు, దాంతోనే తేలింది.

ప్రశ్నలు అడగండి.

— మేడమ్, వైవా ముందు దడగా ఉంటే ఫ్రెండ్ ప్రొప్రనలాల్ ఇచ్చాడు. వేసుకోవచ్చా?

ఫ్రెండ్ ఇచ్చింది వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకి అది ఊపిరి ఆడకుండా చేస్తుంది, బీపీ తక్కువ ఉన్నవాళ్లు పడిపోతారు. రక్తహీనతలో గుండె వేగంగా కొట్టుకునేది అవసరం ఉండబట్టే, దాన్ని మాత్రతో అణిచేస్తే ఆయాసం పెరుగుతుంది.

— జిమ్‌లో ప్రీ వర్కవుట్ పౌడర్ తాగాక ఇలా అవుతోంది మేడమ్.

డబ్బా తెచ్చి లేబుల్ చదువు బాబూ. కొన్నిటిలో ఒక్క స్కూపులోనే 200, 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ముందు మానేసి చూడు. మానేశాక కూడా వ్యాయామం మధ్యలో దడ వస్తుంటే పౌడర్ మీద వేసి ఊరుకోకు, వచ్చి ఈసీజీ తీయించుకో. జలుబు మాత్రలు కొన్ని, ఆస్తమా ఇన్‌హేలర్ కూడా దడ తెస్తాయి, అలాగని ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.

— ఐరన్ మాత్ర వేసుకుంటే మోషన్ నల్లగా వస్తోంది, భయమేసి ఆపేశాను మేడమ్.

ఐరన్ వేసుకుంటే నల్లగానే వస్తుంది, మాత్ర వేసుకుంటున్నావనడానికి అదే గుర్తు. తారులాగా జిగటగా, చెడు వాసనతో ఉంటే, కడుపులో నొప్పి ఉంటే అది వేరు, వెంటనే చూపించాలి. మలబద్ధకం వస్తే నీళ్లు ఎక్కువ తాగు. వికారమైతే ఖాళీ కడుపున కాకుండా కొంచెం తిని వేసుకో, పట్టేది కాస్త తగ్గినా మానేయడం కంటే నయం. ఎప్పుడు ఆపావు? మరి రేపే రక్త పరీక్ష చేయించుకుని ఆ కాగితంతో ఓపీకి రా.